పొడుపు కథ కాకూడని పరిచయం

“హైదరాబాద్ ప్రధాన కార్యాలయంగా ఉన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు 2020లో విలీనమైనప్పుడు దాని ఫినాకిల్ డేటా మైగ్రేషన్ బాధ్యత నేను చూశాను.” ఇది ఉదాహరణ కోసం అల్లిన వాక్యం. అయినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల రెజ్యూమేల్లో, ప్రొఫైళ్ళలో, సభల్లో చదివే వక్త పరిచయాల్లో ఇలాంటి వాక్యాలు కొత్త కావు. రాసేవాళ్ళు నిర్లక్ష్యంగా రాసినవీ కావు. గోప్యతా ఒప్పందం మీద, వాడుకలో చెప్పాలంటే ఎన్‌డీఏ మీద, సంతకం పెట్టాం కదా అని గుర్తుపెట్టుకుని మరీ బ్యాంకు పేరు తీసేసి రాస్తారు. కానీ ఆ వాక్యం చదివిన తెలుగువాడికి క్షణం కూడా పట్టదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉండి, ఆ ఏడు విలీనమైన ప్రభుత్వ రంగ బ్యాంకు అదొక్కటే. పేరు రాయలేదన్న తృప్తి రాసినవాడికి మిగిలింది, పేరు చదివేవాడికి చేరింది.

మన భాషలో పొడుపు కథ పని చేసేది సరిగ్గా ఇలాగే. అందులో వస్తువు పేరు ఎక్కడా ఉండదు. రంగు, ఆకారం, ఉండే చోటు, చేసే పని మాత్రమే ఉంటాయి. ఆ గుణాలన్నీ కలిసి ఒకే ఒక్క వస్తువుకు అతకాలి, రెండిటికి అతికితే అది మంచి పొడుపు కాదు. వెనకటి తరం ఇల్లాళ్ళు భర్త పేరు నోటితో పలికేవారు కాదు. “మా పెద్దవాడి నాన్న” అనేవారు. పేరు రాలేదు కానీ మనిషి ఎవరో తెలియకపోవడమన్నది లేదు. అక్కడ ఉద్దేశం దాచడం కాదు, మర్యాద. ఎన్‌డీఏ కోరేది మర్యాద కాదు, నిజంగా తెలియకుండా ఉండడం. ఈ తేడా పట్టుకోకపోవడం వల్లే చాలా పరిచయాలు పొడుపు కథలవుతున్నాయి. నేను చెప్పదలచింది ఒకటే: గోప్యమైన పని గురించి రాసేటప్పుడు దాచవలసింది పేరొక్కటే కాదు, పేరుకు దారి చూపే విశేషణాలు కూడా. అయితే ఆ విశేషణాలన్నీ క్లయింటువి. మన పని తాలూకు క్రియల్ని దాచనక్కర్లేదు. ఈ రెంటినీ వేరు చేయగలిగితే ఒప్పందమూ నిలుస్తుంది, పరిచయమూ నిండుగా ఉంటుంది.

పేరు తీసేస్తే చాలన్న నమ్మకం ఎంత బలహీనమో డేటా గోప్యత మీద పనిచేసేవాళ్ళు చాలాకాలం కిందటే చూపించారు. 1990లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల వైద్య బీమా చూసే సంస్థ, పేర్లూ చిరునామాలూ తీసేసి ఆసుపత్రి రికార్డులను పరిశోధకులకు ఇచ్చింది. అప్పుడు విద్యార్థినిగా ఉన్న లటాన్యా స్వీనీ, కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని ఆ రికార్డుల పక్కన పెట్టి చూసింది. రాష్ట్ర గవర్నర్ విలియం వెల్డ్ ఆ ఊళ్ళోనే ఉండేవాడు. ఆయన పుట్టిన తేదీనాడే పుట్టినవాళ్ళు ఆ జాబితాలో ఆరుగురు. వాళ్ళలో మగవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఆయనొక్కడే. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్: ఏదీ రహస్యం కాదు, ఏదీ విడిగా మనిషిని పట్టివ్వదు. మూడూ కలిస్తే గవర్నర్ వైద్య రికార్డు బయటికొచ్చింది. ఆ తర్వాత 2002లో ఆమె వివరించిన కొలబద్ద మన పనికి సూటిగా పనికొస్తుంది. ఒక వివరణను వదిలే ముందు, అది ఎంతమందికి సమానంగా అతుకుతుందో లెక్కపెట్టాలి. ఒక్కరికే అతికితే పేరు రాసినట్టే. ఇద్దరికి అతికితే సగం రాసినట్టే.

ఈ లెక్కను మన బ్యాంకు వాక్యం మీద పెట్టి చూద్దాం. 2019 ఆగస్టు 30న కేంద్రం ప్రకటించిన ప్రణాళిక ప్రకారం 2020 ఏప్రిల్ 1 నాటికి పది ప్రభుత్వ రంగ బ్యాంకులు నాలుగయ్యాయి. ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్, యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిశాయి. సిండికేట్ బ్యాంకు కెనరాలో, ఆంధ్రా, కార్పొరేషన్ బ్యాంకులు యూనియన్ బ్యాంకులో, అలహాబాద్ బ్యాంకు ఇండియన్ బ్యాంకులో కలిశాయి. కాబట్టి “2020లో విలీనమైన ప్రభుత్వ రంగ బ్యాంకు” అని మాత్రమే రాస్తే అనుమానితులు ఆరుగురు, విలీనం చేసుకున్న బ్యాంకుల్ని కూడా కలిపితే పదిమంది. ఇక ఊరు తీసేసి సాఫ్ట్‌వేర్ పేరు మాత్రం ఉంచామనుకుందాం. చాలామంది ఉంచుతారు, ఎందుకంటే ఉద్యోగం ఇచ్చేవాళ్ళు వెతికేది ఆ పేరుతోనే. ఆ ప్రకటన రోజున ఏ కూటమిలో ఏ కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో కూడా చెప్పారు, ఒకే సాఫ్ట్‌వేర్ ఉన్నవాటిని కలుపుతున్నాం గనక విలీనం సులువవుతుందన్నది అందులో ఒక వాదన. పంజాబ్ నేషనల్, యూనియన్ కూటములు రెండూ ఫినాకిల్. ఇండియన్ బ్యాంకు, అలహాబాద్ బ్యాంకు బ్యాంక్స్. కెనరా, సిండికేట్ ఐఫ్లెక్స్. అంటే ఫినాకిల్ అని రాసినవాడికి రెండు కూటముల నీడ దొరుకుతుంది. బ్యాంక్స్ అనో ఐఫ్లెక్స్ అనో రాసినవాడికి ఆ పాటి నీడ కూడా లేదు. ఊరు లేదు, పేరు లేదు, ఏడాదీ సాఫ్ట్‌వేరూ మాత్రమే ఉన్నాయి. వాక్యం మాత్రం ఒకే కూటమి గడప ముందు నిలబడింది.

అంకె కూడా అంతే. “10,342 శాఖల మైగ్రేషన్” అని రాస్తే సామర్థ్యం కళ్ళకు కట్టినట్టుంటుందని అనుకుంటాం. కెనరా, సిండికేట్ కలిస్తే మొత్తం శాఖలెన్నో ఆ ప్రకటనలోనే ఇచ్చారు, ఆ సంఖ్య ఇదే. ఐదంకెల కచ్చితమైన సంఖ్య వేలిముద్ర లాంటిది. ఏదో ఒక వార్తలోనో వార్షిక నివేదికలోనో దాని జత దొరుకుతుంది. “వేల శాఖలు” అన్నప్పుడు పని స్థాయి తెలుస్తుంది, వేలిముద్ర మిగలదు. శాతాలకూ ఇదే వర్తిస్తుంది. “లావాదేవీల వేగం గణనీయంగా పెరిగింది” అంటే డొల్లగా ఉంటుంది, “37.4 శాతం పెరిగింది” అంటే క్లయింటు లోపలి నివేదిక నుంచి తెచ్చి అతికించినట్టుంటుంది. “సుమారు మూడో వంతు పెరిగింది” అంటే అవసరమైనంత తెలిసింది, అనవసరమైనది తెలియలేదు. గుండ్రం చేయడం అబద్ధం కాదు. మూడో వంతును సగమని రాస్తే అది అబద్ధం.

వాక్యాన్ని విడిగా సరిచేసినా పని పూర్తికాదు, పక్క వాక్యాలు దానిమీద చాడీలు చెబుతుంటాయి. బ్యాంకు లైనులో ఏడాది తీసేసి, పైన ఉద్యోగాల పట్టికలో “2019–2021, మంగళూరు” అని ఉంచితే ఏడాదీ ఊరూ రెండూ తిరిగొచ్చేశాయి. కార్పొరేషన్ బ్యాంకు ప్రధాన కార్యాలయం ఉండేది మంగళూరులోనే. ఒక సభలో మాట్లాడిన అంశం, నైపుణ్యాల జాబితాలోని ఒక అరుదైన సాధనం, ప్రాజెక్టు ముగిసిన రోజు బృందంతో దిగిన ఫొటోలో గోడ మీది లోగో, అన్నీ అదే పని చేస్తాయి. ఇవన్నీ మన చేతుల్లో ఉన్నవి. మన చేతుల్లో లేనిది మరొకటుంది. ఒకే ప్రాజెక్టులో పనిచేసిన ఐదుగురిలో ఒకరు ఏడాది రాస్తారు, ఒకరు ఊరు, ఒకరు సాఫ్ట్‌వేర్, ఒకరు శాఖల సంఖ్య. ఎవరికి వారు ఒక్క ముక్కే రాశామనుకుంటారు. ఐదు ప్రొఫైళ్ళూ తెరిచి పక్కపక్కన పెట్టుకున్నవాడికి బొమ్మ మొత్తం కనిపిస్తుంది. అందుకే ఇలాంటి పనుల్లో బృందమంతా ఒకే వాక్యం రాసుకోవడం మేలు. ప్రాజెక్టు ముగిసే రోజుల్లోనే మేనేజరుతో కూర్చుని “మనం దీన్ని ఇలా రాసుకోవచ్చా?” అని ఒక వాక్యం తయారుచేసి, క్లయింటు చేత ఈమెయిల్‌లో ఒప్పించుకుంటే, తర్వాత పదేళ్ళూ ఆ వాక్యం అందరికీ పనికొస్తుంది. ఆ సమయంలో అడిగితే క్లయింటు వైపు మనుషులు మనల్ని ఎరిగినవాళ్ళు. రెండేళ్ళ తర్వాత వాళ్ళూ వేరే చోటికి వెళ్ళిపోయి ఉంటారు, ఉత్తరానికి జవాబిచ్చేవాళ్ళే ఉండరు.

ఇంతవరకూ చెప్పింది క్లయింటు ఎవరో తెలిసిపోవడం గురించి. రెండో రకం లీకు ఇంకా గంభీరమైనది, అది లోపలి సంగతి బయటపడడం. “లక్షల్లో నకిలీ ఖాతాదారు నంబర్లు కనిపెట్టి తొలగించాను”, “పదేళ్ళుగా ఎవరూ గమనించని వడ్డీ లెక్క తప్పును పట్టుకున్నాను” అన్న వాక్యాలు చూడండి. వీటిలో క్లయింటును పట్టిచ్చే విశేషణం ఒక్కటీ లేదు. రాసినవాడి ప్రతిభ కూడా కనిపిస్తోంది. కానీ ఆ ప్రతిభ కనిపించడానికి దీపం పట్టింది క్లయింటు బలహీనత మీద. ఏదో ఒకరోజు, మన తప్పు లేకుండానే, ఆ క్లయింటు ఎవరో లోకానికి తెలిసిందనుకుందాం. వాళ్ళే పత్రికా ప్రకటన ఇవ్వచ్చు, టెండరు పత్రం బయటికి రావచ్చు. ఆ రోజు ఈ వాక్యం ఆ బ్యాంకు ఖాతాదారులకు ఇచ్చిన సాక్ష్యంగా మారుతుంది. కాబట్టి ప్రతి వాక్యానికీ రెండు పరీక్షలుండాలి. ఒకటి, ఇది చాలామంది క్లయింట్లకు అతుకుతుందా? రెండు, రేపు పేరు తెలిసిపోయినా ఈ వాక్యం ఎవరికీ హాని చేయకుండా నిలబడుతుందా? మొదటిది గుర్తింపును కాపాడుతుంది, రెండోది మొదటి గోడ కూలినప్పుడు కాపాడుతుంది. నన్నడిగితే రెండోదే ముఖ్యం, ఎందుకంటే మొదటి గోడ ఎప్పుడు కూలుతుందో మన చేతిలో లేదు.

ఈ రెండు పరీక్షలూ పెట్టాక రాయడానికి ఇక ఏం మిగులుతుందన్నది న్యాయమైన ప్రశ్న. చాలా మిగులుతుంది. చిన్నప్పటి వ్యాకరణం ఇక్కడ సాయానికొస్తుంది. మన చెడ్డ వాక్యంలో బరువంతా ఎక్కడుందో చూడండి. హైదరాబాద్, ప్రభుత్వ రంగ, 2020, విలీనమైన, ఫినాకిల్: ఇవన్నీ క్లయింటుకు తగిలించిన విశేషణాలు. మన వంతుకు వచ్చిన క్రియ “బాధ్యత చూశాను” అన్న అతి పలచని మాట. క్లయింటు గురించి ఐదు సంగతులు తెలిశాయి, పనివాడి గురించి ఒక్కటీ తెలియలేదు. అంటే ఆ వాక్యం గోప్యతలోనే కాదు, పరిచయంగా కూడా విఫలమైంది. పెద్ద పేరు పక్కన నిలబడితే మనకూ కొంత వెలుగు వస్తుందన్న ఆశతో విశేషణాలు పోగేస్తాం. వాటిని తీసేసి క్రియకు కండ పట్టిస్తే వాక్యం తిరిగి లేస్తుంది.

క్రియకు కండ అంటే ఏమిటో చూడాలంటే ఆ పని లోపలికి వెళ్ళాలి. రెండు బ్యాంకులు కలిసినప్పుడు ఖాతాల డేటాను ఒక వ్యవస్థ నుంచి తీసి, రెండో వ్యవస్థ అర్థం చేసుకునే రూపంలోకి మార్చి ఎక్కించాలి. సాఫ్ట్‌వేర్ ఒకటే అయినా రెండు బ్యాంకులు దాన్ని రెండు రకాలుగా అమర్చుకుని ఉంటాయి. ఇక్కడి పొదుపు ఖాతా పథకం అక్కడ ఏ పథకానికి సమానమో ఒక పట్టిక తయారుచేయాలి, దాన్ని మ్యాపింగ్ అంటారు. అసలు రోజుకు ముందు మొత్తం తంతును కొన్నిసార్లు నటించి చూస్తారు, అవి మాక్ రన్‌లు. ఎక్కించాక సరిపోల్చడం ఉంటుంది, అందరూ రీకన్సిలియేషన్ అంటారు. ముందు ఖాతాల సంఖ్య సరిపోవాలి. తర్వాత ఒక్కో పద్దు కింద మొత్తం నిల్వ సరిపోవాలి. ఈ రెండూ సరిపోయినంత మాత్రాన పని సరిగ్గా జరిగినట్టు కాదు. ఒక ఖాతాలో వంద ఎక్కువై మరో ఖాతాలో వంద తక్కువైతే మొత్తం సరిపోతూనే ఉంటుంది. అందుకే ఖాతా వారీగా చూడాలి. అక్కడ కూడా నిల్వ ఒక్కటే చూస్తే చాలదు, ఖాతాకు చేరి ఇంకా జమ కాని వడ్డీని కూడా చూడాలి. రెండు వ్యవస్థలు పైసలను వేర్వేరుగా గుండ్రం చేస్తే ఈ రోజు కనిపించని తేడా మూడు నెలల తర్వాత వడ్డీ జమ అయ్యే రోజున ఖాతాదారు పాస్‌బుక్కులో కనిపిస్తుంది. ఈ జ్ఞానం ఏ ఒక్క బ్యాంకు రహస్యమూ కాదు. ఈ పని చేసే ప్రతివాడూ ఎక్కడైనా ఎదుర్కొనేదే. కానీ దీన్ని ఎరిగినవాడికీ ఎరగనివాడికీ మధ్య తేడాను, ఉద్యోగం ఇచ్చేవాడు మొదటి నిమిషంలోనే పట్టుకుంటాడు.

ఇప్పుడు అదే వాక్యాన్ని తిరగరాద్దాం. “విలీనమవుతున్న ఆర్థిక సంస్థల ఖాతాలను ఒకే కోర్ బ్యాంకింగ్ వ్యవస్థలోకి చేర్చే పనుల్లో సరిపోల్చే విభాగాన్ని నడిపాను. ఖాతాల సంఖ్య, పద్దువారీ మొత్తాలు, ఖాతావారీ నిల్వ, జమ కాని వడ్డీ అనే నాలుగు మెట్లలో తేడాలు పట్టుకునే పద్ధతి రూపొందించాను. మాక్ రన్‌లలో ప్రతి తేడాకూ కారణం దొరికేదాకా అసలు రోజుకు అనుమతి ఇవ్వకూడదన్న నియమం పెట్టి అమలు చేశాను.” ఇందులో ఊరు లేదు, ఏడాది లేదు, సాఫ్ట్‌వేర్ పేరు లేదు. “ఆర్థిక సంస్థలు” అన్నమాట కింద 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిన అనుబంధ బ్యాంకులు, 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిన విజయా, దేనా బ్యాంకులు, 2020 నాటి పదీ, ప్రైవేటు బ్యాంకుల విలీనాలు, విడతలు విడతలుగా కలిసిన గ్రామీణ బ్యాంకులు అన్నీ వస్తాయి. మొదటి పరీక్షలో నిలిచింది. రేపు పేరు తెలిసినా, ఆ సంస్థ జాగ్రత్తగా పని చేయించుకుందన్నదే తెలుస్తుంది తప్ప లోపం ఏదీ బయటపడదు. రెండో పరీక్షలోనూ నిలిచింది. అన్నిటికీ మించి, చదివేవాడికి ఇప్పుడు ఒక మనిషి కనిపిస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ పేరు లేకపోతే వెతుకులాటలో దొరకమంటారా, దాన్ని నైపుణ్యాల జాబితాలో విడిగా రాయండి. ఈ ప్రాజెక్టు పక్కన కట్టేయకండి. అది మీకొచ్చిన విద్య, ఆ క్లయింటు గుర్తు కాదు. అది చాలా సంస్థలు వాడే సాధనమైనంత వరకూ ఈ విడదీత నిలుస్తుంది, అరుదైనదైతే నిలవదు.

ఇదంతా రాసే ముందు ఒప్పందాన్ని మళ్ళీ ఒకసారి చదవాలి, ఎందుకంటే అన్ని ఎన్‌డీఏలూ ఒక్కటి కావు. మూడు చోట్ల ఆగి చూడాలి. గోప్య సమాచారం అంటే ఏమిటో నిర్వచించిన చోట, “ఈ ఒప్పందం ఉన్నదన్న సంగతి కూడా” గోప్యమేనని రాశారేమో చూడాలి. అలా రాసి ఉంటే సంబంధమే రహస్యం. రాయకపోతే లోపలి సమాచారం మాత్రమే రహస్యం. రెండోది ప్రచారం గురించిన క్లాజు. క్లయింటు పేరు, లోగో ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఎక్కడా వాడకూడదని అందులో ఉంటుంది. సమాచారం గోప్యం కాకపోయినా ఈ క్లాజు పేరును ఆపుతుంది. మూడోది కాలం. రెండేళ్ళు, మూడేళ్ళు, ఐదేళ్ళు అని ఉండవచ్చు, కొన్ని రహస్యాలకు గడువే లేదని ఉండవచ్చు. మనం నేరుగా క్లయింటుతో కాక కంపెనీతో సంతకం చేసినప్పుడు, కంపెనీ క్లయింటుకు ఇచ్చిన మాట మనకు చూపించకపోవచ్చు. అప్పుడు హెచ్‌ఆర్‌నో లీగల్ విభాగాన్నో అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. ప్రభుత్వ రక్షణ పనుల సంగతి వేరు, అక్కడ 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది, ఒప్పందపు కొలతలతో దాన్ని కొలవకూడదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. చేసిన పని చెప్పుకునే హక్కు పనివాడికి లేదా? ఐదేళ్ళ కష్టాన్ని మూడు పొడి మాటల్లో కుదించమనడం అన్యాయం కాదా? ఈ బాధ నిజమైనదే. చట్టం కూడా దాన్ని గుర్తించింది. 1872 నాటి మన ఒప్పందాల చట్టంలోని 27వ సెక్షన్, ఒక మనిషిని న్యాయమైన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదంటుంది. ఇంగ్లండులో 1980లలో ఫాసెండా చికెన్ కేసు మీద అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు ఈ గీతను బాగా చూపిస్తుంది. శీతల వ్యాన్లలో కోడిమాంసం అమ్మే కంపెనీలో సేల్స్ మేనేజరుగా పనిచేసిన మనిషి బయటికొచ్చి అదే వ్యాపారం పెట్టుకున్నాడు. దారులూ ధరలూ ఖాతాదారుల అవసరాలూ తెలిసినవాడు గనక కంపెనీ కోర్టుకెక్కింది. ఉద్యోగంలో ఉండగా గోప్యంగా ఉంచవలసిన సమాచారమంతా వ్యాపార రహస్యం కాదని, మనిషి నైపుణ్యంలో కలిసిపోయిన జ్ఞానాన్ని అతను వెళ్ళేటప్పుడు వెంట తీసుకుపోవచ్చని కోర్టు తేల్చింది. అక్కడ ప్రత్యేకంగా రాసుకున్న నిషేధం లేదు, ఎన్‌డీఏలో ఉంటుంది, ఆ తేడా మరువకూడదు. అయినా గీత ఎక్కడుందో దీన్నిబట్టి తెలుస్తుంది: వడ్డీ తేడాను ఎలా పట్టుకోవాలన్నది మన నైపుణ్యం, ఏ బ్యాంకులో ఎంత తేడా దొరికిందన్నది వాళ్ళ సమాచారం. క్రియ మనది, విశేషణం వాళ్ళది. ఈ పద్ధతి పనివాడి హక్కును తగ్గించదు, అతనిది కానిదాన్ని మాత్రమే పక్కన పెడుతుంది.

రెండో అభ్యంతరం: అందరికీ తెలిసిన సంగతే కదా? విలీనం పత్రికల్లో వచ్చింది, ఆంధ్రా బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారుతున్నాయని ఖాతాదారులకు యూనియన్ బ్యాంకే చెప్పింది, ఇక దాచేదేముంది? విలీనం బహిరంగమే. కానీ ఆ పనిలో ఫలానా కంపెనీ, ఫలానా మనిషి ఉన్నారన్నది, ఏ భాగం ఎవరి చేతిలో ఉందన్నది బహిరంగం కాకపోవచ్చు. ఊహకూ నిర్ధారణకూ మధ్య చాలా దూరముంది. లోపల పనిచేసినవాడు “అవును” అన్నప్పుడు ఊహ సమాచారమవుతుంది. బ్యాంకు వ్యవస్థల్లోకి దొంగదారి వెతికేవాడికి, ఎవరికి మోసపు ఈమెయిల్ పంపాలో ఆ “అవును” చెబుతుంది. ఎన్‌డీఏల్లో సాధారణంగా బహిరంగ సమాచారానికి మినహాయింపు ఉంటుంది. అది మన వల్ల కాకుండా బహిరంగమైనంత మేరకే. ఇక ఆ బ్యాంకే ఇప్పుడు లేదు కదా అనేవాళ్ళున్నారు. విలీనమైన బ్యాంకు ఒప్పందాలు గాలిలో కలవవు, కలుపుకున్న బ్యాంకుకు దఖలు పడతాయి. బోర్డు దిగినా సంతకం దిగదు.

మూడో అభ్యంతరం ఉద్యోగమిచ్చేవాళ్ళది. పేరు లేని పనిని ఎలా నమ్మాలి? ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు కదా? దీనికి జవాబు పరిచయంలో కాదు, పరిచయం తర్వాతి మాటల్లో ఉంది. పేరు అడిగే బదులు, పద్దు మొత్తం సరిపోయి ఖాతాలు తప్పయ్యే సందర్భం ఎలా పట్టుకుంటావని అడగవచ్చు. చేసినవాడు చెప్పగలడు, చేయనివాడు తడబడతాడు. కల్పిత డేటాతో ఒక చిన్న నమూనా చేసి చూపించవచ్చు. అయితే అది మొదటి నుంచీ సొంతంగా చేసినదై ఉండాలి, క్లయింటు ఫైలులో పేర్లు మార్చినది కాకూడదు. పాత మేనేజరు అనుమతితో, ఆ పనిలో ఉన్నాడన్నంతవరకూ నిర్ధారించవచ్చు. ఇంటర్వ్యూ గది నాలుగు గోడల మధ్యది కదా అని అక్కడ పేరు చెప్పేయడం మాత్రం పొరపాటు, ఒప్పందానికి ఆ గది కూడా బయటే. “మీరు చేసింది ఫలానా బ్యాంకుకేనా?” అని ఎదుటివాడు నవ్వుతూ అడిగినప్పుడు మన నవ్వు కూడా జవాబవుతుంది. అడిగిన ప్రతి పేరుకూ, అది తప్పు పేరైనా సరే, ఒకే జవాబు ఉండాలి: “క్లయింట్ల పేర్లు చెప్పను, పని గురించి ఎంతైనా చెబుతాను.” తప్పు పేరుకు “కాదు” అనీ, సరైన పేరుకు మౌనమూ ఇస్తే ఆ మౌనమే పేరు పలుకుతుంది. అందుకే మన వాక్యాన్ని స్నేహితుడి చేతికిచ్చి ఊహించమనడం కూడా మంచి పరీక్ష కాదు. వాక్యంలోని విశేషణాలను మనమే వెతికి, ఎన్ని సంస్థలు మిగులుతున్నాయో లెక్కపెట్టుకోవాలి. సాధారణ పాఠకుడిగా కాదు, అదే రంగంలో పనిచేసే పోటీదారుగా కూర్చుని లెక్కపెట్టాలి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఆ పని దేశంలో ఒకరికో ఇద్దరికో తప్ప ఉండదనుకున్నప్పుడు ఏ విశేషణం తీసేసినా లాభం లేదు, క్రియే క్లయింటును పట్టిస్తుంది. దేశమంతటికీ ఒకే సంస్థ నడిపే చెల్లింపుల వ్యవస్థ మీద పనిచేసినవాడు “చెల్లింపుల వ్యవస్థ” అన్నా పేరు చెప్పినట్టే. అప్పుడు ఒక మెట్టు పైకెళ్ళి, “అధిక సంఖ్యలో వచ్చే లావాదేవీలను ఆగకుండా నడిపే వ్యవస్థలు” అని రాయాలి. అది కూడా చాలకపోతే ఆ పనిని రాయకుండా వదిలేసి, దాన్నుంచి నేర్చినదాన్ని నైపుణ్యంగా రాసుకోవాలి. మార్చి చెప్పడం మాత్రం ఒప్పుకోలేను. బ్యాంకును బీమా కంపెనీ అని, ముంబైని చెన్నై అని రాస్తే గోప్యత నిలవచ్చు కానీ పరిచయం చచ్చిపోతుంది. గోప్యతకు మౌనం ఉంది, సాధారణీకరణ ఉంది. అబద్ధం అవసరం ఎప్పుడూ రాదు.

చివరికి ఈ పరిచయాన్ని చదివేది ఎవరో ఒకసారి తలచుకోవాలి. అది చదివేది ఉద్యోగమిచ్చేవాడే కాదు, రేపటి క్లయింటు కూడా. అతను తన ఖాతాల డేటాను, తన లోపాలను, తన విలీనపు రహస్యాన్ని ఈ మనిషి చేతిలో పెట్టాలా వద్దా అని ఆలోచిస్తూ చదువుతాడు. నిన్నటి క్లయింటును పొడుపు కథగా చెప్పినవాడి దగ్గర తన సంగతి రేపు ఎలా ఉంటుందో అతనికి తెలిసిపోతుంది. ఎవరికి పనిచేశారో ఎంత వెతికినా తెలియక, ఏం చేయగలరో మాత్రం స్పష్టంగా తెలిసిన పరిచయం ముందు అతను ఆగుతాడు. ఆ పరిచయంలో అతనికి కావలసిన రెండు రుజువులూ ఒకేచోట ఉంటాయి: ఈ మనిషికి పని వచ్చు, నోరు అదుపులో పెట్టుకోవడమూ వచ్చు.